రేకుల రూము, స్లాబు రూము

మా ఆయన ఖదీర్‌కు ఆ వారం బొగ్గుబాయిల రాత్రి షిఫ్టు. పగలు పండాలె. భూపాలపల్లిల మే నెల ఎండ. మాకున్నయి రెండే రూములు, ఒకటి స్లాబుది, ఒకటి రేకులది. ఆయన సెలవు రోజు మాపటికి స్లాబు కింద కూసొని చెమటలు కారంగ, "గిది కొలిమి" అని తేల్చేసిండు. మంచం తీస్కపోయి రేకుల రూముల ఏసుకున్నడు.

ఇగ చూడు పరేషాని! పగటిపూట కునుకు లేదు. అటు పొర్లుతడు, ఇటు పొర్లుతడు, లేసి నా మీద అరుస్తడు.

ఆ స్లాబు పోసిన మేస్త్రి మా తమ్ముడు మాజిదే. వానికి కబురు పెట్టిన. వాడొచ్చి వాళ్ల బావకు చెప్పిండు:

"దుల్హేభాయ్, రేకు పల్చగుంటది. ఎండ కొట్టంగనే కాలుతది, పొద్దుగూకంగనే సల్లారుతది. స్లాబు మందం. పైన తాకిన వేడి కిందికి దిగేసరికి నాలుగైదు గంటలు పడ్తది, మాపయితది. పగటికీ రాత్రికీ రేకుల కింద వేడి ఎంత మారుతదో, స్లాబు కింద అండ్ల సగం గూడ మారది. పగలు పండేటోనికి స్లాబే మంచిది."

మంచం మారింది. ఆయన గురక పెట్టి పండిండు. దోస్తులందరికీ స్లాబు గొప్పలే చెప్పిండు.

తర్వాతి వారం పొద్దుగాల షిఫ్టు వడ్డది. మాపటికి తిని, మళ్ల స్లాబు కిందికే పోయి పండిండు. జరసేపటికి చెమటలతోని బయటికొచ్చి మాజిద్‌ను తిట్టుడు షురూ చేసిండు.

నేను అప్పటికే రేకుల రూముల చాప పర్సుకున్న.

"వాన్నెందుకు తిడ్తరు?" అన్న. "మీ షిఫ్టు మారిందని స్లాబుకెవలు చెప్పిన్రు?"