ఐదేళ్ల మట్టి, ఏడాది కౌలు

శౌరయ్య చేసిన పొరపాటు ఒక్కటే. యజమానికి మట్టి చూపించాడు.

2004 ఉగాదికి ముందటి వారమది. చల్లపల్లి దగ్గర ఆ రెండెకరాల చెక్క దుర్గాప్రసాద్ గారిది. ఆయనకు విజయవాడ వన్ టౌన్‌లో బియ్యం టోకు వ్యాపారం. ఏటా ఈ రోజుల్లో వచ్చి, గట్టు మీద నిలబడి, నోటిమాటతో కౌలు ఖాయం చేసి వెళ్లిపోతారు. ఎకరానికి పద్నాలుగు బస్తాల ధాన్యం. పండినా శౌరయ్యే ఇవ్వాలి, పండకపోయినా శౌరయ్యే ఇవ్వాలి.

శౌరయ్య మినుము పీకేసిన మడిలోకి దిగి, మోచేతి లోతు తవ్వి, చెమ్మగా ఉన్న మట్టిని గుప్పిట్లో పట్టుకొచ్చాడు. వేళ్లు వదిలేసరికి అది గడ్డ కట్టకుండా పొడిపొడిగా రాలింది.

"చూడండి బాబుగారూ. మీరు నాకిచ్చిన ఏడు గునపమేస్తే ఖంగుమనేదండి ఇది."

అతిశయోక్తి కాదు. మొదటి సంవత్సరం అతనూ అందరిలాగే యూరియా, డీఏపీ వేసి ఎకరానికి ఇరవై ఎనిమిది బస్తాలు దింపాడు. కౌలు పద్నాలుగు, మందులకూ కూలీలకూ పన్నెండు పోగా మిగిలినవి రెండు. ఒకప్పుడు ఒక్క బస్తా యూరియాతో పండిన ఇరవై ఎనిమిదికి ఇప్పుడు మూడు కావలసి వస్తోందని గ్రహించిన రోజున, అతను పశువుల ఎరువు వైపు మళ్లాడు. ఎకరానికి పది బళ్ల ఎరువు తోలాడు. కాలవకు నీరు రాగానే పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ చల్లి, పూతకొచ్చే వేళకు దమ్ములో తొక్కించాడు. ఆ ఏడు దిగుబడి ఇరవైకి పడిపోయింది. మరుసటి ఏడు ఇరవై ఒకటి. కౌలుకు తగ్గిన గింజలను భార్య మార్త గేదె పాలు అమ్మి పూడ్చింది. ఎరువు మొదలెట్టిన మూడో ఏడు ఇరవై నాలుగు. ఐదో ఏటికి ఇరవై ఆరు. ఇరవై ఎనిమిది ఎన్నడూ రాలేదు. కానీ ఖర్చు ఎనిమిది బస్తాలకు దిగింది, నాలుగు మిగిలాయి. మినుము కూడా మునుపటికన్నా ఏపుగా వచ్చింది.

"అందుకనండి, మూడేళ్లకి ఒక కాగితం రాసిస్తే..."

"కాగితమా?" దుర్గాప్రసాద్ గారు నవ్వారు. "రేపు కౌలుదారీ హక్కంటే నేనేమైపోవాలి? నిన్ననడం లేదులేవయ్యా." పక్క చేను సాగు చేస్తున్న చౌడయ్యను కేకేశారు. "మట్టి అంత బాగుపడిందా చౌడయ్యా?"

చౌడయ్య చిటికెడు తీసుకుని నలిపి చూశాడు. "బంగారమండి. నాకిస్తే పద్దెనిమిదిస్తానండి."

"విన్నావుగా? పాతవాడివి కాబట్టి ముందు నిన్నే అడుగుతున్నా."

ఆ మాటలో దౌర్జన్యమేమీ లేదు. ఆలోచించి చెబుతానన్నాడు శౌరయ్య.

ఇంటికొచ్చి చెబితే మార్త బియ్యం ఏరడం ఆపింది. "ఇరవై ఆరులో పద్దెనిమిది ఆయనకి, ఎనిమిది ఖర్చుకి. మరి మనకేంటయ్యా, ఊకా?"

"యూరియా వేస్తే ముప్పై రెండు దిగుద్ది. ఈ మట్టి మీదైతే దిగుద్ది."

"ఎన్నేళ్లు దిగుద్ది?"

"కౌలు ఏడాదికేగా."

"వదిలెయ్యరాదా?"

"వదిలేస్తే చౌడయ్య వేస్తాడు."

ఆ వర్షాకాలం అతను జీలుగ చల్లలేదు. ఎరువు తోలలేదు. లోపల ఐదేళ్ల సత్తువ ఉన్న మట్టికి సగం మోతాదు చాలునని తెలిసీ, ముప్పై రెండు కోసం పూర్తిగా మూడు బస్తాల యూరియా చల్లాడు. చేను నల్లని పచ్చతో పొంగింది. దారిన పోయేవాళ్లు ఆగి మెచ్చుకున్నారు. దుబ్బు ఎంత దట్టమైందో కాండం అంత మెత్తబడింది. పొట్ట దశలో సుడిదోమ దిగి, చేను మధ్యలో గుండ్రంగా ఎండిపోయింది. ఐదేళ్లుగా ముట్టని పురుగుమందు రెండుసార్లు కొట్టాడు. గింజ పాలు పోసుకున్నాక కార్తీకంలో వాయుగుండం పట్టింది. చౌడయ్య చేను ఒరిగినా లేచి నిలబడింది. శౌరయ్యది చాప పరిచినట్టు నీళ్లలో పడుకుంది.

ఎకరానికి పందొమ్మిది బస్తాలు. అందులో పద్దెనిమిది విజయవాడ లారీ ఎక్కాయి.

మళ్లీ ఉగాది ముందర శౌరయ్య చేను తన వల్ల కాదని చెప్పేశాడు. దుర్గాప్రసాద్ గారు నిజంగానే నొచ్చుకున్నారు. చేను చౌడయ్యకు వెళ్లింది.

"ఒరే శౌరీ," అన్నాడు చౌడయ్య గట్టు మీద కలిసి, "దీనికెంత యూరియా పెట్టమంటావు?"

చెప్పవలసిన పని లేదు. అయినా శౌరయ్య నిజమే చెప్పాడు. "సగం చాలండి చౌడయ్యగారూ. లోపల ఇంకా ఉంది. ఎరువు తోలితే అదీ అక్కర్లేదు."

"సగమేస్తే పద్దెనిమిది ఎక్కణ్ణించి తెచ్చివ్వనురా?"

యూరియా వేస్తే ముప్పై రెండు దిగుద్దని కిందటేడు శౌరయ్య మార్తతో అన్నదీ ఆ పద్దెనిమిది కోసమే.