సోడా వెయ్యని పిండి

చలికాలం వచ్చిందంటే సూరత్‌లో అందరూ స్వెట్టర్లు వెతుక్కుంటారు. భూదేవి మాత్రం లేవగానే పిండి గిన్నె మూత ఎత్తి చూస్తుంది. పాండేసరలో బట్టలకు రంగులేసే ఒక డైయింగ్ మిల్లు క్యాంటీన్‌కి పొద్దుటి ఇడ్లీలు ఆమె ఇంటి నుంచే పోవాలి మరి. ఇల్లేమో డిండోలిలో ఒక గది. పిండిలో తినే సోడా వెయ్యనని ఆమె పంతం.

ఈసారి చలికి పిండి కదల్లేదు. అప్పుడు ఆమెకో ఉపాయం తట్టింది. భర్త రాజనర్సు పనిచేసే లూమ్ షెడ్డు ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. అందుకని అతను రాత్రి డ్యూటీకి పోతుంటే పిండి గిన్నె కూడా చేతికిచ్చి పంపింది. అతను దాన్ని మగ్గం పక్కన బల్ల మీద పెట్టుకున్నాడు. పొద్దున తెచ్చి చూస్తే పులుపు వాసన ఘుమ్మంది, పిండి మాత్రం అడుగున అంటుకుని ఉంది. ఇడ్లీలు రాళ్ళలా వచ్చాయి. పొంగు చాలలేదేమో అనుకుని మర్నాడు పిండిలో గరిటెడు పెరుగు కలిపి మళ్ళీ షెడ్డుకే పంపింది. ఇంకా పుల్లబడింది, ఇంకా చతికిలబడింది.

క్యాంటీన్ నడిపే ఉమాకాంత్‌ది కూడా భూదేవి వాళ్ళలాగే కరీంనగర్ వైపే. మాట మెత్తన, మనిషి గట్టి. ఒక ఇడ్లీని బల్లకేసి కొట్టి చూపించాడు. జనం నవ్వారు. తర్వాత సంచిలోంచి సోడా డబ్బా తీసి ఆమె ముందు పెట్టాడు.

"అక్కా, రేపటి నుంచి ఇది ఏస్తవా, లేదంటే కామ్‌రేజ్‌ల ఇంకోల దగ్గర ఇడ్లీలు తెప్పించుకోమంటవా?"

"రేపు పొద్దుగాల నా పిండి ఇడ్లీలే తెస్త. అప్పుడు మాట్లాడు" అంది భూదేవి. డబ్బా మాత్రం చంకలో పెట్టుకుని వచ్చేసింది.

సాయంత్రం ఆమె అక్క కూతురు సింధూజ వచ్చింది. కాలేజీలో మైక్రోబయాలజీ చదువుతోంది. గిన్నెలో మిగిలిన పిండిని వాసన చూసి, పెరుగు కలిపిన సంగతి విని తల పట్టుకుంది.

"చిన్నమ్మా, పెరుగుల ఉండే బ్యాక్టీరియా పులుపు చేస్తది గని పొంగిచ్చేంత గాలి చెయ్యదు. పొంగు తెచ్చేటియి మినుముల మీద, బియ్యం మీద ముందుగల్లనే ఉంటయి. అవి పులుపూ చేస్తయి, గాలీ ఇడుస్తయి. ఈస్టు కూడ జర సాయం పడ్తది. నువ్వు పెరుగేసి ముందే పుల్లగ చేస్తే ఆ గాలి చేసేటియి సరిగ పెరగయి."

"మరి మొన్న పెరుగు వెయ్యలే కదనే. అప్పుడేమైంది?"

సింధూజ గిన్నెను ఇంకోసారి వాసన చూసింది. పుల్లబడిందంటే అవి బతికే ఉన్నట్టు, గాలీ చేసే ఉండాలి, మరి ఆ గాలి ఎటు పోయిందో తనకూ తెలియడం లేదని ఒప్పుకుంది. చాయ్ తాగుతున్న రాజనర్సు గ్లాసు కింద పెట్టి, ఇంట్లో చాయ్ తాగితేనే సుఖమన్నాడు. షెడ్డులో మగ్గాలు నడుస్తుంటే గ్లాసులో చాయ్ ఒక్క క్షణం కూడా నిలవదట, వణుకుతూనే ఉంటుందట.

భూదేవి అతనివైపు చూసింది. మినప్పప్పు జిగురు బుడగల్ని పట్టి ఆపుతుంది. ఆపిన బుడగల్ని మగ్గాల అదురుకు ఊగే బల్ల రాత్రంతా కుదిపి పగలగొట్టింది. పొంగు రాకపోవడం కాదు, వచ్చిన పొంగు పోవడం.

"వెచ్చగున్నదని పంపిన, ఊగుతదని సోచాయించలే" అంది.

సింధూజ నవ్వి, తనకూ తట్టలేదంది.

ఇక ఆలస్యం చేయలేదు. నానిన పప్పు, బియ్యం గోరువెచ్చని నీళ్ళతో రుబ్బింది. సింధూజ మరీ వేడిగా వద్దని హెచ్చరించింది, వేడికి అసలు పనిచేసేవే చస్తాయని. రాజనర్సు షెడ్డు నుంచి పీచు దారం, తెగిన దారాల వేస్టు ఒక గోనెడు తెచ్చాడు. పిండి గిన్నెను మూలన పెట్టి, చుట్టూ దారాలు కూరి, పైన పాత దుప్పటి కప్పారు. పక్కింటి ప్రమీల వచ్చి చూసి, గిన్నెకు పురుడు పోశారా అని నవ్వింది.

తెల్లవారి గిన్నె మూత ఒక పక్కకు ఒరిగి ఉంది. పిండి అంచు దాటి దారాల మీదకు కారింది. వాసన కమ్మగా, కొంచెం పుల్లగా. భూదేవి ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టింది.

క్యాంటీన్‌లో ఉమాకాంత్ మొదటి ఇడ్లీ తుంచి నొక్కి చూశాడు. అది కుంగి మళ్ళీ లేచింది. నోట్లో పెట్టుకుని నమిలాడు. తర్వాత ఇడ్లీ బాగానే ఉందని ఒప్పుకుని, అయినా ఎండాకాలం మరీ పుల్లబడితే ఏం చేస్తుందోనని, దేనికైనా మంచిది చిటికెడు సోడా వేస్తూ ఉండమన్నాడు.

"ఎండకాలం చల్లగున్న కాడ పెడ్త, జల్ది వండుత" అంది భూదేవి. "మా మినుములు వాటి పని అవి చేస్తయి. నువ్వు మధ్యల రాకు."

ఉమాకాంత్ జనం వైపు చూశాడు. వాళ్ళు ప్లేట్లు చాపుకుని వరుసలో నిలబడ్డారు. అతను పక్కకు జరిగాడు.

అందరూ తిన్నాక భూదేవి సంచిలోంచి సోడా డబ్బా తీసింది. ఇడ్లీలు తెచ్చిన పాత్ర అడుగున మాడిన చోట గుప్పెడు చల్లి, పీచుతో గట్టిగా రుద్దింది. మరక పోయింది.

"మంచిగుంది సేటూ నీ సోడా" అంది, తల ఎత్తకుండా. "ఇంకో డబ్బా తెచ్చిపెట్టు. గిన్నెలు బాగ తోముతున్నది."