గడియారం పెట్టిన హద్దు

దాని నోట్ల మన్నుబొయ్య, శ్రీలేఖ ఉరికేటప్పుడు గుండె కొట్టుకునుడు నిమిషానికి నూట నలభై నాలుగు దాటంగనే చేతిగడియారం కీచుమంటది. వెంటనే ఆమె భయపడి నడకకు దిగుతది. జతగాళ్లు ముందుకు ఉరుకుతరు. ఆర్నెల్ల నుంచి ఇదే గోస. దవాఖానల గుండె పరీక్షలన్నీ మంచిగొచ్చినా భయం పోలే.

"గది నీ గుండె లెక్క కాదమ్మా. నలభై ఏండ్లోళ్లందరికీ ఏసిన అందాజ" అన్నడు పరుగు నేర్పే ఖుతుబుద్దీన్ సారు. గడియారం మొఖం మీద పట్టీ అతికిచ్చి, "ముప్పై నిమిషాలు ఒక్కదానివే ఉరుకు. ఆఖరిదాక నిలిచేటంత జోరుగ" అని సిద్దిపేట స్టేడియంల ఇడిసిండు.

పది నిమిషాలకు సారు ఈల ఊదంగ ఆమె గడియారం పక్కనున్న బటన్ నొక్కింది. అప్పటిదాక గుండె లెక్క ఇంకా ఎక్కుతనే ఉంటది కాబట్టి ఆ పది నిమిషాలు దాని సగటుల కలపరు. ఉరికిన వేగానికి మాత్రం అరగంట మొత్తం లెక్క. పట్టీ కింద గడియారం మొత్తుకుంటనే ఉంది. శ్రీలేఖ ఆగలే.

సారు పట్టీ పీకి చూసిండు. ఆఖరి ఇరవై నిమిషాల సగటు నూట డెబ్బై ఆరు. అరగంటల అయిదున్నర కిలోమీటర్లు.

"నీ అసలు హద్దు గిది. నూట యాభై అయిదు దాక నీకు అల్కటి, ఆయాసం రాని ఉరుకుడే."

"అంటే ఆర్నెల్లు ఉత్తగనే భయపడ్డనా సారూ?" శ్రీలేఖ ట్రాక్ మీదనే కూలబడి, ఏడ్సుకుంట నవ్వింది.

తెల్లారి చెరువుకట్ట మీద, సారు కొత్త హద్దు పెట్టిచ్చిన గడియారం నూట యాభై మూడు చూపెట్టింది, కిక్కురుమనలే. ఎనుకనుంచి జతగాళ్లు ఒర్రిన్రు:

"శ్రీలేఖక్కా, జర ఆగవే!"