మూడో ర్యాంకు

వేరే ఊళ్లో నర్సుగా పనిచేస్తున్న తల్లికి కూతురు తన క్లాసు మార్కుల పట్టిక స్క్రీన్‌షాట్ పంపింది. ర్యాంకులు సోమవారం చెబుతారట. అంతవరకూ ఆగలేక తల్లి, డ్యూటీ విరామంలో ఇరవైమంది మార్కులూ కాగితం మీద ఎక్కించింది. పదిహేడుమంది పాస్, అంటే ఎనభై అయిదు శాతం. కూతురికి అయిదు సబ్జెక్టుల్లో కలిపి 410, సగటు 82. అంతకన్నా ఎక్కువ ఇద్దరికే వచ్చాయి. ఇంకో అమ్మాయికీ సరిగ్గా 410.

వెంటనే ఫోన్ చేసింది.

"మూడో ర్యాంకే, బంగారం! ఇంకో పిల్లకీ అదే ర్యాంకు. ఎవరే తను?"

"నా పక్కన కూర్చునేదమ్మా. నాకు రోజూ జడ వేసేదీ తనే."

తల్లి కాగితం పక్కన పెట్టింది. "గట్టిగా లాగుతుందా?"

"నీ అంత మెత్తగా వెయ్యదు. ఎప్పుడొస్తావమ్మా?"

"ఈ ఆదివారమే," అంటూ తల్లి సెలవు అడగడానికి లేచింది.