రెండేళ్ల గడువు

స్టెల్లా తేదీ ముద్రను పాత కాగితం మీద గుద్ది చూసుకుంది. పదిహేను రోజుల తర్వాతి తేదీ, సరిగ్గానే పడింది. రాజోలు దగ్గరి ఆ చిన్న గ్రంథాలయంలో పన్నెండేళ్లుగా ఆమె పని ఇదే. పుస్తకం ఇచ్చి, సభ్యుడి కార్డు తీసుకుని, ట్రేలో ఆ తేదీ అట్ట వెనక నిలబెట్టడం. పుస్తకం తిరిగొస్తే కార్డు ఇచ్చేయడం.

సన్నటి మనిషి. ముప్పయ్యారేళ్లు. బొటనవేలికి ఎప్పుడూ ఊదా సిరా. ఎవరైనా పలకరిస్తే ముందు బల్ల సర్దుతుంది.

దగ్గర్లోని నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పని చేస్తూ పుస్తకాల కోసం ఇక్కడికొచ్చే క్రాంతికుమార్ అంతకంటే బెరుకు మనిషి. ఒకసారి తిరిగిచ్చిన పుస్తకంలో బస్సు టికెట్ వదిలాడు. ‘నలభై ఒకటో పేజీ వాన పడేటప్పుడు చదవండి’ అని దాని వెనక రాసుంది. వాన కోసం ఆమె తొమ్మిది రోజులు ఆగింది.

తర్వాత ఇద్దరూ పాటలు చేర్చుకునే ప్లేలిస్టు ఒకటి ఫోన్లో మొదలైంది. ఒకరు ఒక్క పాట పెట్టాలి. రెండోవారు విని, బదులు పాట పెట్టేదాకా ఆగాలి. ‘బాగుందా’ అనకూడదు, ‘పాటలో ఎక్కడ ఆగేరు’ అనాలి. బాగుందా అంటే మొహమాటానికి అవుననక తప్పదు. ఒకరోజు అతను ఏకంగా పదకొండు పాటలు పెట్టేశాడు. ఆమె బెదిరి నాలుగు రోజులు ఉలకలేదు. ఐదో రోజు చూస్తే పది తీసేశాడు. మిగిలిన ఆ ఒక్కటీ విని ఏడ్చింది.

“నోరు విప్పకుండా ఇదేం ప్రేమమ్మా” అని నవ్వేది లైబ్రేరియన్ అనురాధ. స్టెల్లాకు ఒళ్లు మండేది. మేం మాట్లాడుకుంటూనే ఉన్నాం, మీకు వినపడకపోతే మేమేం చేస్తాం.

ముద్ర సరిచూసుకున్న ఆ రోజు మధ్యాహ్నం అతను వచ్చి పుస్తకం బల్ల మీద పెట్టాడు.

“సాయంత్రం బయల్దేరుతున్నానండి. దోహాకి. రెండేళ్లు.”

అనురాధ స్టెల్లా వైపు చెయ్యి చాచింది. “కార్డు ఇలా ఇవ్వు, సభ్యత్వం కొట్టేస్తాను.”

కొట్టేస్తే అతను ఇక్కడికి తిరిగి రావడానికి వంకే ఉండదు. స్టెల్లా బల్ల సర్దలేదు, ట్రేలోంచి తీసిన అతని కార్డు గుప్పిట్లోనే ఉంచుకుంది. అతని కోసం దాచిన లావుపాటి పుస్తకం సొరుగులోంచి తీసింది.

“ఏడొందల ముప్పై పేజీలండి. రోజుకొకటే చదవాలి.”

ముద్ర మీది సంవత్సరం చక్రాన్ని రెండు మెట్లు తిప్పి గట్టిగా గుద్దింది.

“విదేశం పోయేవాళ్లకి ఇవ్వకూడదు స్టెల్లా.”

“ఇచ్చేనండి. పూచీ నాది. ఆయన తిరిగొస్తారు.”

పేపర్లు చదువుతున్నవాళ్లు తలలెత్తారు. ఆమె గొంతు వాళ్లు వినడం అదే మొదటిసారి. ఎత్తనీ అనుకుంది.

“ఆయ్. ఎక్కడ ఆగేనో రోజూ చెప్తానండి,” అని అతను పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తేదీకి ట్రేలో అట్ట లేదు. స్టెల్లా చెప్పుల పెట్టె మూత కత్తిరించి, తేదీ వేసి, అన్నిటికీ చివర నిలబెట్టింది. దాని వెనక అతని కార్డు ఒక్కటే ఉంది, ఒక మూల ఆమె గుప్పిటి చెమటకి మెత్తబడి.