వదిన తనిఖీ

మాత్రల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆడవాళ్ల సంచులు వెతికే పని వదినది. లోపల మాత్రలు ప్యాక్ చేసే పని మరదలిది. ఇంట్లో ఇద్దరికీ మాటల్లేవు. గేటు దగ్గర మాత్రం వదిన మరదలి సంచిని తీరిగ్గా కెలికేది. టిఫిన్ డబ్బా మూత తీసి, కూరలో ఉప్పు సరిపోయిందో లేదో అన్నట్టు చూసేది.

తనిఖీ అయ్యాక బట్టలు మార్చుకునే గది. టోపీ, గౌను, బూట్ల తొడుగులు వేసుకుంటే గానీ వేలిముద్ర వేసే హాజరు యంత్రం దగ్గరికి పోనివ్వరు. ఆ యంత్రం ఈ నెలలో పదేపదే మరదలు ఆలస్యంగా వచ్చిందని తేల్చింది. ఇంకొక్కసారి తేలితే పర్మినెంటు మాట మరిచిపొమ్మన్నాడు సూపర్‌వైజర్. ఇదంతా వదిన పన్నాగమేనని మరదలు మొగుడి దగ్గర మొత్తుకుంది. ఆయన వాటర్ ట్యాంకు నిండిందేమో చూసొస్తానని మేడెక్కాడు.

చివరికి యూనియన్ సెక్రటరీని వెంటబెట్టుకుని హెచ్ఆర్ ఆఫీసర్ గదికి వెళ్లి అడిగేసింది. గేటు నుంచి యంత్రం దాకా పట్టే టైము తనదా, కంపెనీదా?

బట్టలు కట్టుకోవడం ఎవరి సొంత పని వాళ్లదేనని ఆఫీసర్ నవ్వాడు. సెక్రటరీ అడ్డుకున్నాడు. ఆ గౌను ఇంటికి పట్టుకెళ్లనివ్వరు, ఇక్కడే తొడగాలి, ఇక్కడే విప్పాలి, అది లేనిదే మాత్ర ముట్టకూడదు. కంపెనీ పని కోసం, కంపెనీ రూలుతో, కంపెనీ చోట చేసేది పనే అవుతుందన్నాడు. ఆఫీసర్ కాస్త తగ్గాడు. గౌను సంగతి సరే, తనిఖీకి నిలబడటం కూడా పనేనా అన్నాడు. ఈసారి సెక్రటరీ గొంతు తగ్గింది. తనిఖీ విషయంలో చట్టం అన్నిచోట్లా ఒకేలా లేదు. అయితే ఆ సేపు మనిషి ఎవరి అదుపులో ఉందన్నది ముఖ్యంగా చూస్తారన్నాడు.

అయితే గేటు మనిషినే అడుగుదామని ఆఫీసర్ వదినకు కబురు పెట్టాడు. ఇక తన పని అయినట్టేననుకుంది మరదలు.

వదిన వచ్చి టోపీ సర్దుకుంది. "లైన్లోకి వచ్చాక ఎవర్నీ మళ్లీ బయటికి వదలం సార్. ఫోన్ కూడా తీసేసుకుంటాం. మీ ఆర్డరే కదా."

"మీ మరదలి సంచి మరీ ఎక్కువసేపు చూస్తారట?"

"చుట్టమని తొందరగా వదిలేస్తే మీరు నన్ను అనుమానించరూ?"

ఆఫీసర్ ఫ్యాను వంక చూసి, పైవాళ్లతో మాట్లాడతానన్నాడు.

కొన్నాళ్లకి హాజరు యంత్రం గేటు బయటికి, తనిఖీకి ముందుకు వచ్చింది. పోయేటప్పుడు కూడా గౌను విప్పి, తనిఖీ అయ్యాకే వేలు పెట్టాలి. పాత ఆలస్యాలు కొట్టేశారు. పర్మినెంటు ఆశ మళ్లీ ప్రాణం పోసుకుంది.

మర్నాడు మరదలు యంత్రం మీద వేలు పెట్టి, ఎంతసేపైనా వెతుక్కోమన్నట్టు దర్జాగా సంచి చాచింది. టైమిప్పుడు కంపెనీదే మరి.

వదిన సంచిలోకి ఒక్క చూపు చూసి, "పో" అంది.

వెళ్లబోయి మరదలు ఆగింది. ఇంతలోనే వదిన ఏం చూసింది, ఏం చూడలేదు? పక్కకు తప్పుకుని, తన సంచి తనే మొత్తం వెతుక్కుంది.