బంగార్రాజు మారుమనువు

చోడవరంలో బంగార్రాజుది నిండిన ఇల్లు. కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు, రెండు పాడిగేదెలు, వచ్చేపోయే కూలిజనం. అటువంటి ఇంట్లో ఒక మనిషి ఒంటరిగా ఉన్నాడంటే మీరు నమ్మరు. మొదట్లో ఆయనా నమ్మలేదు.

పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునేసరికి వసారాలో పీట, పీట ముందు మూతపెట్టిన కంచం, పక్కన చెంబుడు నీళ్ళు అమర్చి ఉండేవి. మారు వడ్డించవలసి వస్తే కోడలు రాజ్యం గిన్నెను గడప మీద పెట్టి గాజులు గలగలలాడించి తలుపు చాటుకు పోయేది. మామగారి ఎదటపడి మాట్లాడకపోవడం పుట్టింటివారు ఆమెకు నేర్పిన మర్యాద. కొడుకు సత్యారావు తాలూకా కచేరీలో గుమాస్తా. తండ్రంటే భయమూ భక్తీ ఉన్నవాడు. భక్తి ఎక్కువైన చోట మాటలు తక్కువ కదా! "నాన్నా, పంచెలు కావాలా?" అంటే "అక్కర్లేదురా" అనడంతో ఆ పూటకు సంభాషణ సరి. మనవలకు బడి, ఆట, నిద్ర.

భార్య సన్యాసమ్మ పోయి మూడేళ్ళు కావస్తోంది. ఎవరైనా ఆమె పేరు ఎత్తితే సత్యారావు గొంతు సవరించుకుని లేచి వెళ్ళిపోయేవాడు. అది చూసి బంగార్రాజు కూడా ఆ పేరు మింగేయడం నేర్చుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషి పేరు ఇంట్లో పలకడానికి వీల్లేకపోతే ఆ బాధ ఏమిటో అనుభవించినవారికే తెలుస్తుంది. తిండికి లోటు లేదు, బట్టకు లోటు లేదు. లోటున్నది మాటకు.

ఆయన పొలం గట్టు పక్కనే నూకరత్నం చెరుకు తోట. ఆమె భర్త దాసు ఎనిమిదేళ్ళ కిందట జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. అత్త అచ్చియ్యమ్మను చూసుకుంటూ తోటను నెట్టుకొస్తోంది. వయసు నలభై ఎనిమిది. ఈ రెండు కుటుంబాలకూ కలిపి ఒకటే గానుగ. మాఘమాసం వచ్చిందంటే ఒకరి చెరుకు ఆడుతున్నప్పుడు రెండో వారు సాయానికి రావడం తాతల నాటి పద్ధతి. బంగార్రాజు పెనం దగ్గర నిలబడి బెల్లం పాకం చూసేవాడు. నూకరత్నం పొయ్యిలోకి ఎండిన చెరుకుపిప్పి ఎగదోసేది. ఊరి వరసను ఆయనను బావా అని పిలిచేది.

ఆ ఏడు ఒక మధ్యాహ్నం ఆమె మామూలుగానే అడిగింది.

"తిన్నావేటి బావా?"

"తిన్నాను."

"ఏటి కూర?"

బంగార్రాజు ఆలోచించాడు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"ఏటో కూర. పెట్టేరు, తినేసేను."

"ఏం తిన్నావో తెలీకుండా తిన్నావా! గేదె నయం, గడ్డి మారితే మూతి తిప్పుతాది," అని నవ్విందామె. ఆయనకూ నవ్వొచ్చింది. నవ్వాక తనే ఉలిక్కిపడ్డాడు, ఈ చప్పుడు తన గొంతులోంచి వచ్చి ఎన్నాళ్ళయిందో అని.

అప్పటినుంచి పెనం మరిగినంతసేపూ కబుర్లే. పెద్ద విషయాలేమీ కావు. పంటినొప్పి, అనకాపల్లి బస్సులో తోపులాట, కాకి ఎత్తుకుపోయిన వడియాలు. నడుమ నడుమ పోయినవాళ్ళ మాటలు. సన్యాసమ్మ మరిగే రసంలో చిలగడదుంపలు గుడ్డకట్టి వేసేదని ఆయన చెబితే, దాసు గురకకు పక్కింటి కుక్క మొరిగేదని ఆమె చెప్పేది. ఒకరి ముందు ఒకరు కళ్ళు తుడుచుకోవడానికి వాళ్ళు సిగ్గుపడలేదు. పోయినవాళ్ళకు చోటివ్వని స్నేహమైతే బంగార్రాజు దాని దరిదాపులకు పోయేవాడు కాదు.

ఉగాది దగ్గరపడింది. చెరుకు అయిపోవచ్చింది. గానుగ ఆగితే ఒక పెళ్ళాం పోయినవాడూ ఒక మొగుడు పోయినదీ పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవడానికి మన ఊళ్ళలో ఏ సాకూ ఉండదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఇకమీద ఏటి సేద్దాం?" అన్నాడు బంగార్రాజు పాకం కలుపుతూ, ఆమె వైపు చూడకుండా.

నూకరత్నం పొయ్యిలోకి మరికాస్త పిప్పి ఎగదోసింది. "దొంగతనంగా మాటాడుకునే వయసు కాదు బావా మనది. నీ పిల్లల్ని నువ్వడుగు. మా అత్తని నేనడుగుతాను," అంది.

నూకరత్నాన్ని మనువాడతానన్న తండ్రి మాట సత్యారావు విన్నాడు. కోపం రాలేదు, భయం వచ్చింది. అతను కులసంఘానికి కార్యదర్శి. "నాన్నా, పోయిన ఏడు మీటింగులో తీర్మానం సదివింది నేనే కదా! మనోళ్ళు మారుమనువులు మానీయాలి, అప్పుడే మనకి నలుగురిలో గౌరవం అని. ఇప్పుడు నా తండ్రే సేసుకుంటే నా మొకం ఎక్కడ పెట్టుకోను?"

పాఠకులు గమనించాలి. మొగుడు పోయిన ఆడది, ఇష్టముంటే, అత్తవారి సొమ్ము అత్తవారికి అప్పగించి, వారి సమ్మతితో పెద్దల ఎదుట కొత్త చీర కట్టి మరొకరితో కాపురానికి పోవడం ఆ కులంలో తాతముత్తాతల నుంచీ ఉన్నదే. పట్టణాల్లో పెద్దలు వితంతువులకు పెళ్ళిళ్ళు చేయాలని ఉపన్యాసాలిస్తూ సంఘాలు పెడుతున్న రోజుల్లో, చేతిలో ఉన్న మంచిని వీళ్ళు గౌరవం కోసం పారేసుకుంటున్నారు. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే ఇదే.

కబురందుకుని కూతురు చిన్నమ్మి రావికమతం నుంచి బస్సు దిగింది. గుమ్మంలోనే ఏడుపు. "అమ్మ సోట్లో ఇంకొకర్తిని ఎలా సూడమంటావు నాన్నా? మా అత్త నన్ను బతకనిస్తాదా? 'మీ అయ్యకి ఈ యీడులో మోజేటే' అని దెప్పదా?"

కూతురు ఏడుస్తుంటే బంగార్రాజు తన కోరికను తనే అసహ్యించుకున్నాడు.

సత్యారావు కొంత మెత్తబడి మరో దారి చూపించాడు. "నీకు సేవకి మనిషి లేకపోడమే ఇబ్బందైతే సెప్పు. మాడుగుల దగ్గర పేదోళ్ళ గుంటొకర్తి ఉంది. ఇరవయ్యేళ్ళు. పెళ్ళికాని పిల్లని సేసుకుంటే ఎవరూ ఏటీ అనరు."

అంతవరకు తల దించుకున్న తండ్రి అప్పుడు తలెత్తాడు. "సిన్నమ్మి కన్నా సిన్నది కదరా! నేను రేపు పోతే ఆ గుంట బతుకేటి? మారుమనువు కూడదని నువ్వే సదివినావు కదా. ఒక పిల్ల గొంతు కోస్తే గౌరవం, నా యీడు మనిషి పక్కన కూకుంటే అగౌరవమా?"

ఊళ్ళో గుసగుసలు లేచాయి. నూకరత్నం గానుగ దగ్గరకు రావడం మానేసి కూలిమనిషిని పంపింది. ఆఖరి పెనం దింపిన రోజు బంగార్రాజు చల్లారుతున్న పొయ్యి దగ్గర ఒక్కడే కూర్చున్నాడు. భార్య పోయిన రోజున చుట్టూ ఊరంతా ఉంది. ఈ రోజున ఎవరూ లేరు. ఇది దుఃఖమని చెప్పుకోవడానికి కూడా ఆయనకు హక్కు లేదు.

ఆదివారం సత్యారావు తండ్రికి బుద్ధి చెప్పించడానికి కులపెద్ద పెదబాబును ఇంటికి పిలిచాడు. పెదబాబు వసారాలో కూర్చుని చుట్ట ముట్టించాడో లేదో, పిలవకుండానే అచ్చియ్యమ్మ కర్ర పోటు వేసుకుంటూ వచ్చింది. నూకరత్నం అత్త. డెబ్భై దాటిన మనిషి.

"నన్ను పిలవకుండా పంచాయితీ ఏటి పెదబాబూ? సచ్చినోడు నా కొడుకు. అడ్డుపెడితే నేను పెట్టాల."

"కూకో అప్పా," అన్నాడు పెదబాబు. "నిజమే. మన కట్టుబాటులో అడగాల్సింది పోయినోడి తల్లిని, ఆ ఆడమనిషిని. మొగోడి కొడుకుని అడిగిన ఆనవాయితీ నానెరగను."

"దాని మొగుడి సొమ్ము దానంతటదే నాకప్పగించీసింది. ఒరే సత్యం, నీ పొలంలో సెంటు కూడా దానికక్కర్లేదు, ఆ బెంగెట్టుకోకు. నువ్వు సదివిన కాయితం నానెరగను గానీ, నాకొకటి తెలుసు. ఎనిమిదేళ్ళ బట్టి నా కోడలు రోజూ నాకు పెట్టి, తినేదాకా ఎదురుగా కూకుంటాది. రేపు నాను పోతాను. దానెదురుగా ఎవులు కూకుంటారు? కొడుకు పోయినాక నాకు కూతురైంది. కూతురికి పెళ్ళి సేస్తన్నాను. మీ అమ్మ మీద నీకెంత పేణమో, నా కొడుకు మీద నాకంతకన్నా ఎక్కువే. నాకు లేని అడ్డు నీకేటిరా?"

సత్యారావు ముఖం ఎర్రబడింది. పెద్దావిడకు ఎదురు చెప్పలేక, "మీ ఇష్టం. నేను మాత్రం రాను," అని లోపలికి పోయాడు.

వైశాఖంలో అచ్చియ్యమ్మ పెరట్లో పెదబాబు, మరో నలుగురు పెద్దల ఎదుట బంగార్రాజు నూకరత్నానికి కొత్త చీరిచ్చి పుస్తె కట్టాడు. అచ్చియ్యమ్మే తన చేత్తో ఆమెకు గాజులు తొడిగింది. మేళం లేదు. కొడుకూ కూతురూ రాలేదు. తాంబూలం అందుకుంటున్నంతసేపూ బంగార్రాజు కళ్ళు వీధి తలుపు మీదే ఉన్నాయి. నూకరత్నం అది చూసింది. ఆ రోజునుంచి ఆయన అక్కడే ఉండిపోయాడు. మనవలు బడికి ఆ వీధినే వెళ్ళేవారు. తలెత్తి చూడవద్దని చెప్పి పంపేవారేమో, చూసేవారు కాదు.

తొలకరి పడ్డాక ఒక సాయంత్రం సత్యారావు వచ్చాడు. దుక్కి విషయం అడగడానికి వచ్చానన్నాడు. అరుగు మీద కూర్చున్నాడు. దుక్కి మాట రెండు ముక్కల్లో అయిపోయింది. లేవలేదు. తల వంచుకునే అన్నాడు.

"ఆవిడితో అమ్మ గురించి మాటాడతావంట. నిజమేనా?"

"నిజమే. మీ అమ్మ పేరెత్తితే ఇనడానికి నాకు ఇదొక్కర్తే దొరికింది."

"మరి నాతో ఎందుకు మాటాడలేదు?"

"నువ్వు లేచెల్లిపోయేవోడివి కదరా."

"నువ్వేడుస్తావని లేచెల్లిపోయేవోణ్ణి నాన్నా. నువ్వేడిస్తే సూడలేక."

తండ్రి చేయి చాచి కొడుకు భుజం మీద వేశాడు. ఒకే కప్పు కింద మూడేళ్ళు, ఒకే మనిషి కోసం, ఒకరికి తెలియకుండా ఒకరు ఏడ్చిన సంగతి ఇద్దరికీ అప్పుడు తెలిసింది. బంగార్రాజు చెప్పడం మొదలుపెట్టాడు. సత్యారావు పుట్టిన ఏడు గాలివానకు ఇంటి కప్పు ఎగిరిపోతే, సన్యాసమ్మ పసివాణ్ణి వడ్లగాదెలో పడుకోబెట్టి తెల్లవార్లూ దాని మీద వంగి నిలబడిందట. కొడుకు ఇది ఎన్నడూ వినలేదు. పసిపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు, ఈసారి లేచిపోలేదు.

లోపలనుంచి నూకరత్నం మంచినీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టి వెనుదిరగబోయింది. సత్యారావు కళ్ళు తుడుచుకుని, "మీరూ కూకోండి," అన్నాడు. పిన్నీ అని పిలవలేకపోయాడు. ఆమె కూడా అది ఆశించలేదు. గోడకు ఆనుకుని ఒదిగి కూర్చుంది.

గుమ్మంలో కూర్చున్న అచ్చియ్యమ్మ వాళ్ళ ముగ్గురినీ చూసి నెమ్మదిగా అంది: "పోయినోళ్ళ మీద పేణమంటే ఉన్నోళ్ళని ఒంటరిగా సంపుకోడం కాదురా బాబూ, వాళ్ళ మాట ఇనడానికి ఓ తోడునివ్వడం."